పాఠశాల విజన్, మిషన్‌లను సిబ్బంది అందరితో కలిసి రాయడం ఎలా? కొలిచి చూసుకోగల హామీలతో సహా

డెల్టా మండలాల్లోని ఉన్నత పాఠశాలల నుంచి ప్రధానోపాధ్యాయులు కొన్నేళ్లుగా నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "తనిఖీకి వచ్చినవారు విజన్, మిషన్ ఎక్కడ అని అడుగుతున్నారు. నమూనా ఏదైనా ఉంటే పంపగలరా?" నేను నమూనా పంపను. నా ఉద్యోగ కాలంలో ఒక రాత్రి ఒక్కడినే కూర్చుని అలాంటి ప్రకటన రాసి, పెద్ద అక్షరాలతో గోడ మీద రాయించాను. రెండేళ్ల తరువాత మా సిబ్బందిలో ఒక్కరు కూడా అందులోని ఒక్క వాక్యాన్నైనా చెప్పలేకపోయారు. దానికి వారు కారణం కాదు, వారిని అడగకుండా రాసిన నేనే కారణం. ఆ తరువాత పని చేసిన చోట వేరే పద్ధతిలో రాశాము. ఆ పద్ధతినే ఇక్కడ వరుసగా చెబుతున్నాను.

ముందు మాటల అర్థం స్పష్టం చేసుకుందాం. మీ బడి నుంచి వెళ్లే విద్యార్థి ఎలా ఉండాలో చెప్పేది విజన్. అందుకోసం మీరు రోజూ ఏమి చేస్తారో చెప్పేది మిషన్. చేశారో లేదో ఏడాది చివర లెక్కతో చూపగలిగేది హామీ. ఈ మూడింటిలో ఎక్కువ సమయం హామీలకు ఇవ్వండి, ఎందుకంటే మొదటి రెండూ నిజమో కాదో తేల్చేవి అవే.

కావలసినవి

గత విద్యాసంవత్సరపు హాజరు పట్టీలు, ఆరో తరగతి పిల్లల చదివే స్థాయి వివరాలు, తెల్ల కాగితాలు, ఒక పెద్ద చార్టు, నలభై ఐదు నిమిషాల సమావేశాలు నాలుగు. సమావేశాలను జూన్ మూడో వారంలో మొదలుపెట్టి జూలై మొదటి వారానికి ముగించండి. గోదావరికి వరద నీరు వచ్చిన తరువాత ఎవరికీ తీరిక ఉండదు, కొన్ని చోట్ల బడే పునరావాస కేంద్రంగా మారుతుంది.

సమావేశానికి ఉపాధ్యాయులు మాత్రమే వస్తే చాలదు. కార్యాలయ సహాయకులను, ఆయాను, రాత్రి కాపలాదారును, మధ్యాహ్న భోజనం వండే అక్కలను కూడా పిలవండి. ఏ పిల్లవాడు సోమవారం ఉదయం ఆకలితో వస్తాడో, ఏ అమ్మాయి వారం రోజులుగా భోజనానికి రావడం లేదో వంట చేసేవారికి తరగతి ఉపాధ్యాయుడి కంటే ముందే తెలుస్తుంది. అయితే వంట పని ఉన్న సమయంలో సమావేశం పెట్టి వారు రాలేదని అనకండి.

1. మాట్లాడించకముందే రాయించండి

మొదటి సమావేశంలో చర్చ వద్దు. ప్రతి ఒక్కరికీ ఒక కాగితం ఇచ్చి రెండు ప్రశ్నలకు జవాబు రాయమనండి. ఒకటి, మన బడిలో చదువు పూర్తి చేసిన పిల్లలకు ఏమి వచ్చి ఉండాలి? రెండు, దానికి అడ్డుపడుతున్నదని మీరు కళ్లారా చూసిన ఒక్క విషయం ఏమిటి? పది నిమిషాలు చాలు. రాయడం అలవాటు లేనివారి మాటను వారు నమ్మే తోటి ఉద్యోగి ఒకరు రాసి పెట్టాలి.

పేర్లు రాయవద్దని చెప్పినంత మాత్రాన గోప్యత రాదు. పద్నాలుగు మంది ఉన్న బడిలో ఎవరి దస్తూరీ ఎవరిదో అందరికీ తెలుసు. అందుకని సిబ్బంది ఎంచుకున్న ఒకరు కాగితాలన్నీ తీసుకుని, వాటిలోని మాటలను మార్చకుండా ఒకే చార్టు మీదికి ఎక్కించి, అసలు కాగితాలను తమ దగ్గరే ఉంచుకోవాలి. ఆ పని ప్రధానోపాధ్యాయుడు చేయకూడదు.

ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాటు ఒకటి ఉంది. ప్రధానోపాధ్యాయుడు ముందుగా తన ఆలోచన చెబుతారు, సీనియర్లు తల ఊపుతారు, కొత్తగా చేరినవారు "మీరు చెప్పినట్లే సార్" అంటారు. అలాంటి సమావేశానికి సంప్రదింపు అన్న పేరు తగదు. ప్రధానోపాధ్యాయుడు చివర మాట్లాడాలి. అది కష్టమనిపిస్తే మొదటి సమావేశాన్ని సీనియర్ స్కూల్ అసిస్టెంట్ ఒకరికి అప్పగించి బయట ఉండటం మంచిది.

2. చార్టులోని మాటను పట్టీతో సరిచూడండి

రెండో సమావేశానికి ముందు, చార్టు మీద ఎక్కువసార్లు వచ్చిన రెండు మూడు సమస్యలను తీసుకుని వాటి ప్రస్తుత స్థితిని లెక్కించండి. ఇక్కడ ఒక ఉదాహరణను చివరిదాకా చేసి చూపుతాను. అంకెలు లెక్క చూపడానికి నేను వేసుకున్నవి, మీవి మీ పట్టీల నుంచి తీసుకోండి.

లంక గ్రామాలకు దగ్గరగా ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో 180 మంది పిల్లలు ఉన్నారనుకుందాం. చార్టు మీద ఆరుగురు "పిల్లలు సరిగా రావడం లేదు" అని రాశారు. పట్టీ తీసి చూస్తే గత ఆగస్టులో 22 పనిదినాలు, సగటు హాజరు సుమారు 91 శాతం. ఆ అంకె చూసి సమస్య ఏమీ లేదని చాలామంది అక్కడితో ఆగిపోతారు.

ఆగకుండా పిల్లవారీగా లెక్కించండి. నెలలో పదో వంతు కంటే ఎక్కువ రోజులు, అంటే 22 పనిదినాల నెలలో మూడు రోజులు గానీ అంతకంటే ఎక్కువ గానీ మానినవారు ఎందరు? మన ఉదాహరణలో 38 మంది. ఆ 38 మంది మానిన రోజులు కలిపి 266, మిగిలిన 142 మంది అందరూ కలిసి మానినవి 90 మాత్రమే. సగటు హాజరు ఈ 38 మందిని కనిపించకుండా దాచేసింది. కాబట్టి హామీలో రాయవలసిన కొలత సగటు శాతం కాదు, ఎక్కువగా మానుతున్న పిల్లల సంఖ్య.

తరువాత కారణాలు రాయండి. తరగతి ఉపాధ్యాయులు, వంట అక్కలు, ఆయా కలిసి కూర్చుంటే ఒక గంటలో తేలుతుంది. ఈ 38 మందిలో 17 మంది పడవ దాటి వచ్చే లంక పిల్లలు, 9 మంది కుటుంబంతో నాట్లకో రొయ్యల చెరువుల పనికో వెళుతున్నవారు, 7 మంది తల్లి కువైట్ వంటి దేశాలకు పనికి వెళ్లగా అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉంటున్నవారు, 5 మంది అనారోగ్యంతో మానినవారు అని తేలిందనుకుందాం. కారణం తెలియని పిల్లవాడిని ఊహించి ఏదో ఒక వరుసలో వేయకండి. "తెలియదు" అనే వరుస పెట్టి, ఆ ఇంటికి ఎవరు వెళతారో అప్పుడే నిర్ణయించండి.

జాగ్రత్త: డెల్టాలో ఒక నెలను మరో నెలతో పోల్చకూడదు. ఆగస్టులో వరద, నవంబరు చివర సార్వా కోతలు, జనవరిలో సంక్రాంతి. ఆగస్టును అక్టోబరుతో పోలిస్తే ఏమీ చేయకుండానే మెరుగుపడినట్లు కనిపిస్తుంది. ఈ ఆగస్టును గత ఆగస్టుతోనే పోల్చండి. వరద వల్ల బడి మూసిన రోజులు లెక్కలోకి రావు. బడి తెరిచే ఉండి పడవ మాత్రమే ఆగిన రోజులను మాత్రం లెక్కలోనే ఉంచి, పక్కన వేరే గడిలో గుర్తు పెట్టండి. అవి తీసేస్తే లంక పిల్లల సమస్యే పట్టీలో కనిపించకుండా పోతుంది.

3. హామీని ఆరు గడుల్లో నింపండి

మూడో సమావేశం ఇందుకోసమే. ప్రతి హామీకి ఒక కాగితం తీసుకుని ఆరు గడులు గీయండి: ఇప్పుడు ఎంత, ఎంతకు తేవాలి, ఎప్పటికి, మేము చేసే పని, ఏ రికార్డులో కనిపిస్తుంది, ఎవరు లెక్కిస్తారు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా అది ఇంకా హామీ కాలేదు.

రెండో గడి దగ్గరే ఎక్కువ మంది తడబడతారు. "సున్నాకు తెస్తాం" అని ఉత్సాహంగా రాయకండి, "సగానికి తగ్గిస్తాం" అని గుండ్రటి మాట కూడా రాయకండి. కారణాల వరుసల వెంట వెళ్లి ఒక్కొక్కటే అడగండి. లంక పిల్లలు 17 మందిలో ఇవతలి ఒడ్డున బంధువుల ఇల్లు ఉన్నవారు 8 మంది అయితే, పడవ ఆగే రోజుల్లో వారిని అక్కడ ఉంచమని పెద్దలతో ముందే మాట్లాడవచ్చు. పనికి వెళుతున్న 9 మందిలో నలుగురి తల్లిదండ్రులు ఒప్పుకోవచ్చని వారి వీధిలోనే ఉండే ఉపాధ్యాయురాలు చెబుతున్నారు. అవ్వల దగ్గర ఉంటున్నవారిలో ఇద్దరికి ఉదయం లేపి పంపేవారు లేకపోవడమే ఇబ్బంది, పక్కింటి పెద్ద తరగతి విద్యార్థితో కలిసి వచ్చే ఏర్పాటు చేయవచ్చు. మొత్తం 14. కాబట్టి 38ని 24కి తేవడమే నిజాయితీగా చెప్పగల హామీ. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరు అడిగినా సిబ్బందిలో ప్రతి ఒక్కరూ చెప్పగలరు.

నాలుగో గడిలో మీ చేతిలో ఉన్న పని మాత్రమే ఉండాలి. వరదను ఆపడం మీ చేతిలో లేదు, ముందుగా సిద్ధపడటం ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది జారీ చేస్తారు. దీన్నే మీ గంటగా పెట్టుకోవచ్చు: "మొదటి హెచ్చరిక వెలువడిన రోజునే ప్రతి లంక విద్యార్థికి వారం రోజుల అభ్యాస పత్రాలు ఇచ్చి, ఇంటి ఫోను నంబరు సరిచూస్తాం." అందరికీ తెలిసే అంకె మీద కట్టిన హామీకి "పరిస్థితిని బట్టి" అనే సాకు ఉండదు. ఇచ్చామని చెప్పడానికి పిల్లల సంతకాల పట్టీ సాక్ష్యం.

రెండో హామీగా చదవడాన్ని తీసుకోమని సలహా ఇస్తాను. ఆరో తరగతిలో చేరినవారిలో ఐదో తరగతి స్థాయి తెలుగు పేరాను తడుముకోకుండా చదివి, దాని మీద అడిగిన రెండు ప్రశ్నలకు సొంత మాటల్లో జవాబు రాయలేనివారు ఎందరో జూన్‌లో లెక్కించండి. పేరా పాఠ్యపుస్తకంలోది కాకూడదు, ఎందుకంటే కంఠస్థం చేసిన పిల్లవాడు కూడా చదివినట్లే వినిపిస్తాడు. పరీక్షించేది ఆ తరగతికి చెప్పే ఉపాధ్యాయుడు కాకుండా వేరొకరు కావాలి. మొదలుపెట్టే ముందు ఇద్దరు ఉపాధ్యాయులు ఒకే ఐదుగురు పిల్లలను వేర్వేరుగా విని, తమ నిర్ణయాలను పోల్చుకోవాలి. ఐదుగురిలో ఇద్దరి దగ్గర తేడా వచ్చిందంటే "తడుముకోకుండా" అనే మాటకు ఇద్దరి మనసులో వేర్వేరు అర్థాలు ఉన్నాయని లెక్క. ఆ అర్థం కుదిరాకే మిగిలిన పిల్లలను వినండి. ఫిబ్రవరిలో ఇదే స్థాయిలో కొత్త పేరాతో మళ్లీ వినాలి.

చిన్న బడుల్లో శాతాలు వాడకండి. 25 మంది ఉన్న తరగతిలో ఒక్క పిల్లవాడు నాలుగు శాతం. "16 మందిని 6కి తెస్తాం" అని రాస్తే ఆ పదిమంది ఎవరని అడగవచ్చు.

మూడో హామీగా చాలామంది పదో తరగతి ఉత్తీర్ణతను రాస్తారు. రాయండి, కానీ ఎందరిలో అనే మాటను జాగ్రత్తగా కట్టండి. "పరీక్ష రాసినవారిలో అందరూ" అని రాస్తే బలహీనంగా ఉన్న పిల్లవాడు పరీక్షకు రాకపోవడమే బడికి మేలు చేసినట్లు అవుతుంది. అలా ఎవరూ కోరుకోరు, కానీ అంకె ఆ వైపుకే తోస్తుంది. "గత జూన్‌లో తొమ్మిదో తరగతి పట్టీలో ఉన్నవారందరిలో" అని కట్టండి. మధ్యలో టీసీ తీసుకున్నవారు ఏ బడిలో చేరారో రాసిపెట్టుకోండి. హాజరు హామీకీ ఇదే వర్తిస్తుంది, ఎక్కువగా మానుతున్న పిల్లల పేర్లు పట్టీ నుంచి కొట్టేస్తే అంకె అందంగా తగ్గుతుంది. అందుకని జూలై 1 నాటి జాబితాను ఒక ప్రతి తీసి, ముగ్గురి సంతకాలతో విడిగా భద్రపరచండి.

మూడు హామీలు చాలు. పన్నెండు రాసిన బడులు చూశాను, నవంబరు నాటికి ఒక్కటీ లెక్కించడం లేదు.

4. ఇప్పుడు విజన్, మిషన్ రాయండి

హామీలు తేలిన తరువాత ఈ పని తేలిక. ఇద్దరికి లేదా ముగ్గురికి అప్పగించండి, పద్నాలుగు మంది కలిసి ఒక వాక్యం రాయలేరు. వారు చార్టు మీద సిబ్బంది రాసిన మాటలనే వీలైనంత వరకు వాడాలి.

సాధారణంగా వచ్చే చిత్తుప్రతి ఇలా ఉంటుంది: "విద్యార్థుల సర్వతోముఖాభివృద్ధికి తోడ్పడుతూ, విలువలతో కూడిన నాణ్యమైన విద్యను అందించి, రేపటి పౌరులను తీర్చిదిద్దుట." ఇందులో తప్పేమీ లేదు, కానీ బడి పేరు మార్చి ఏ ఊళ్లోనైనా పెట్టవచ్చు. మన ఉదాహరణ బడికి ఇలా రాయవచ్చు:

విజన్: "మా బడిలో పదో తరగతి పూర్తి చేసే ప్రతి విద్యార్థి తాను చదివినదాన్ని అర్థం చేసుకుని, అనుకున్నదాన్ని సొంత మాటల్లో రాయగలగాలి, వరద వచ్చినా, ఇంట్లో పెద్దలు దూరదేశంలో ఉన్నా ఆ చదువు మధ్యలో తెగిపోకూడదు."

మిషన్: "రాని పిల్లవాడి గురించి మూడో రోజు సాయంత్రానికల్లా తెలుసుకుంటాం. ఆరో తరగతిలో చదవలేని ప్రతి ఒక్కరికీ రోజూ అరగంట విడిగా చదివిస్తాం. వరద కాలానికి ముందే లంక పిల్లల చదువుకు ఏర్పాటు చేస్తాం."

పరీక్షించడానికి రెండు పనులు చేయండి. ప్రకటనలో మీ బడి పేరు తీసేసి పక్క మండలంలోని ఒక ఉపాధ్యాయుడికి చూపించండి. "ఇది మా బడికీ సరిపోతుంది" అని అంటే ఇంకా సాధారణంగా ఉందన్నమాట. తరువాత ఎనిమిదో తరగతి విద్యార్థులు ముగ్గురితో బిగ్గరగా చదివించి, అర్థమైనది చెప్పమనండి. వారు తడబడిన మాటను మార్చండి.

5. ఒప్పుదలను ఒక్కొక్కరినీ అడగండి

నాలుగో సమావేశంలో "అందరికీ సమ్మతమేనా?" అని అడిగితే మౌనమే జవాబుగా వస్తుంది. దానికి బదులు ప్రతి ఒక్కరి దగ్గరా మూడు మాటల్లో ఒకటి తీసుకోండి: ఒప్పుకుంటున్నాను, సందేహం ఉంది కానీ నా వంతు చేస్తాను, ఇది ఇలాగే ఉంటే నా వంతు చేయలేను. మూడో మాట ఒక్కరు చెప్పినా ఆగి కారణం వినండి. అరగంట విడిగా చదివించే పనిని ఒకే తెలుగు ఉపాధ్యాయురాలి మీద వేశారనుకుందాం, ఆమె చేయలేనని చెబితే అది వ్యతిరేకత కాదు, మీ కాలనిర్ణయ పట్టికలో ఉన్న లోపం. ఆ పనిని నలుగురికి పంచి మళ్లీ అడగండి.

ఆ తరువాత "రేపటి నుంచి మీ పనిలో ఏది మారుతుంది?" అని ప్రతి ఒక్కరినీ అడిగి, జవాబును ఒక వాక్యంగా మినిట్స్ పుస్తకంలో రాయించి సంతకం తీసుకోండి. బదిలీల మీద కొత్తగా వచ్చినవారికి మొదట చూపించవలసిన పేజీ ఇది.

6. తల్లిదండ్రుల కమిటీకి చూపించండి

విద్యాహక్కు చట్టం 2009లోని 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి. 22వ సెక్షన్ పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారీని ఆ కమిటీకే అప్పగించింది. కాబట్టి హామీలను వారికి వినిపించడం మర్యాద కోసం చేసే పని మాత్రమే కాదు. వినిపించి, ప్రణాళికలో చేర్పించండి. లంక నుంచి వచ్చే తల్లిదండ్రులకు పడవ వేళలు చూసి సమావేశం పెట్టండి. "పడవ సాయంత్రం ఐదుకే ఆగిపోతుంది, మీ అదనపు తరగతి ఐదుంబావుకు" వంటి మాట వారి నుంచే వస్తుంది, ఉపాధ్యాయులకు తోచదు.

7. లెక్కించండి, గోడ మీద రాయండి

ప్రతి హామీ పక్కన మూడు అంకెలకు చోటు పెట్టి గోడ మీద రాయించండి: మొదలుపెట్టినప్పుడు ఎంత, చేరవలసింది ఎంత, ఇప్పుడు ఎంత. మూడో అంకెను సుద్దతో రాసేలా నల్ల పలక మీద ఉంచండి. పిల్లల పేర్లు మాత్రం ఎప్పుడూ గోడ మీదికి రాకూడదు, అవి ఉపాధ్యాయుల పుస్తకంలోనే ఉండాలి.

లెక్కించేది ఆ పని చేసినవారు కాకూడదు. హాజరును వ్యాయామ ఉపాధ్యాయుడు, చదవడాన్ని గణిత ఉపాధ్యాయురాలు లెక్కించవచ్చు. సెప్టెంబరు మొదటి వారంలో ఆగస్టు అంకె వస్తుంది. మన ఉదాహరణలో 24కి బదులు 29 వచ్చిందనుకుందాం. అంకెను సవరించకండి, గడువును జరపకండి. 29 మంది పేర్లు ముందు పెట్టుకుని కారణాల వరుసల్లోకి మళ్లీ వేయండి. లంక పిల్లల్లో ఆరుగురు అనుకున్నట్లే బంధువుల ఇళ్లలో ఉండి వచ్చారు, ఇద్దరు రాలేదు. అవ్వల దగ్గర ఉండే ఇద్దరూ వస్తున్నారు. పనికి వెళ్లే నలుగురిలో ఒక్కరే తిరిగి వచ్చారు. అంటే తొమ్మిది మంది తగ్గారు, ఐదుగురి దగ్గర అంచనా తప్పింది. వారిలో ముగ్గురు పనికి వెళ్లేవారే కాబట్టి వారి ఇళ్లకు ఈసారి ఇద్దరు కలిసి వెళ్లాలి, ఒకరు ఆ వీధికి చెందిన ఉపాధ్యాయురాలు, మరొకరు కమిటీలోని తల్లి. వెళ్లిన తేదీ, ఇంటివారు చెప్పిన మాట అదే పుస్తకంలో రాసి, నవంబరులో కోతలు మొదలవకముందే ఆ పేజీని మళ్లీ తెరవండి.